అల్పుడి గారి ఫస్ట్ ప్రైజ్

మొన్న ఒకాయనకి కథల పోటీలో ఫస్ట్ ప్రైజ్ వచ్చింది. పేరెందుకు, ఇలాంటాయన మీకూ ఒకరు తెలిసే ఉంటారు. ఆయన పెట్టిన పోస్టు: "ఈ అల్పుడికి ఇంత గౌరవమా? జడ్జిలు పొరపాటు పడ్డారేమో. అందర్నీ మోసం చేస్తున్నట్టుంది. ఇంపోస్టర్ సిండ్రోమ్ అంటే ఇదేనేమో!" కింద శాలువాతో ఫొటో, మెమెంటోతో ఫొటో, చెక్కుతో ఫొటో, చెక్కు మీద అంకె సరిగ్గా పడలేదని దగ్గర్నుంచి ఇంకోటి.

ఇక కామెంట్లలో జాతర. "అయ్యో అంత మాటనకండి సార్, మీకు కాక ఎవరికి?" "లేదండీ, మీ అభిమానం." "ఉందండీ." "లేదండీ." అర్ధరాత్రి దాకా ఇదే, ఒక్కరికి కూడా లైకు తగ్గకుండా రిప్లై ఇచ్చాడు మహానుభావుడు. అదే పోటీకి పంపిన కథ వెనక్కొచ్చినావిడ కూడా వచ్చి ధైర్యం చెప్పి వెళ్లింది. ప్రైజ్ రానావిడ వచ్చినాయన్ని ఓదార్చాలి, అదీ మన సాహిత్య మర్యాద.

ఇంపోస్టర్ సిండ్రోమ్ అని ఆయన పేరు పెట్టుకున్న ఈ భయం గురించి 1978లో రాసింది పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు. వాళ్లు చూసినవాళ్లు 150 మందికి పైగా ఆడవాళ్లు, పెద్ద చదువులు, మంచి పేరు, అయినా ఏదో లక్కులో నెట్టుకొచ్చాం, ఎప్పుడో దొరికిపోతాం అని లోపల్లోపలే వణికేవాళ్లు. గ్రూపులో ఒకామె ఆ గుట్టు విప్పితే గానీ పక్కామెకి ధైర్యం వచ్చేది కాదట. అంటే అది దాచుకునే భయమండీ, ట్యాగులు చేసేది కాదు! వాళ్లింట్లో మొదటిసారి ఆఫీసర్ అయిన పిల్ల మీటింగులో నోరు తెరిస్తే ఎక్కడ బయటపడిపోతానో అని నోట్‌బుక్ వంక చూస్తూ కూర్చుంటుంది, ఆ పిల్ల బాధని తెచ్చి నీ చెక్కు పక్కన అలంకారంగా పెట్టుకుంటావా? సిగ్గులేదూ? పైగా రేపు ఆ పిల్ల నిజంగానే చెప్పుకుంటే "ఓహో, ఈమెకీ పొగడ్తలు కావాలి" అంటారు, నీ పుణ్యమే!

సరే, నిజంగానే అనుమానం ఉందనుకుందాం, రాయకూడదా? రాయొచ్చు. కానీ నిజమైన అనుమానం మొత్తం మనిషి మీద ఉండదు, ఫలానా చోట ఉంటుంది. ఆ చోటు చెప్పాలి, మన చేతిపని ఏదో అది కూడా దాచకుండా చెప్పాలి. "అల్పుణ్ణి" అంటే ఎదుటివాడికి "కాదండీ" అనడం తప్ప వేరే పని మిగలదు. ఈయన కథనే తీసుకోండి, మొదటి నాలుగు పేజీలు ఎడిటర్ కొట్టేసిందని ఆయనే ఎవరితోనో అన్నాడు. అయితే ఇలా రాయొచ్చుగా: "నేను పంపిన కథ వేరు, గెలిచిన కథ వేరు. మొదటి నాలుగు పేజీలు ఎడిటర్ తీసేసింది, అందుకే స్టేజీ మీద ప్రైజ్ సగం ఆవిడదే అనిపించింది. చేపల మార్కెట్ సీను మాత్రం నాదే, బాగా వచ్చిందని రాసిన రోజే తెలుసు."

దీనికింద "అంత మాటనకండి సార్" అని ఎవడంటాడు? మహా అయితే ఆ నాలుగు పేజీల్లో ఏముందని అడుగుతారు.