ఫోటో తీసి పడేస్తే అది డౌట్ అడిగినట్టు కాదు

ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. నాకు గట్టిగా అనిపిస్తున్న మాట ఒకటుంది. డౌట్ ఎలా రాయాలో మనం పిల్లలకు నేర్పడం లేదు. పుస్తకంలో పేజీని ఫోటో తీసి, కింద "మేడమ్, ఇది ఎలా?" అని రాసి క్లాసు గ్రూపులో పెడతారు. మనమూ "ఆప్షన్ 3, బ్రిడ్జి బ్యాలెన్స్ అయింది చూడు" అని ఒక్క ముక్కలో చెప్పేస్తాం. కొన్ని నెలలకు ఆ ఫోటో తెరుచుకోదు. పంపిన పిల్లాడు ఫోన్ మార్చి ఉంటాడు, లేదా స్టోరేజ్ నిండిందని గ్యాలరీ ఖాళీ చేసి ఉంటాడు. మన జవాబు మాత్రం అక్కడే ఉంటుంది. ఏ బ్రిడ్జి, ఏ ఆప్షన్ అన్నది చదివేవాళ్లకు అర్థం కాదు. ఆ జవాబు ఉన్నా లేనట్టే.

"సర్క్యూట్ బొమ్మను మాటల్లో ఎలా రాస్తాం మేడమ్?" అని అడుగుతారు. రాయొచ్చు. క్లాసులో నేను చేయించే పద్ధతి చెబుతాను.

బ్యాటరీ పాజిటివ్ కొస మీద వేలు పెట్టమంటాను. వైరు వెంట వేలు జరుపుకుంటూ వెళ్లాలి, రెసిస్టర్ గానీ బ్యాటరీ గానీ తగలగానే ఆగాలి. వైరు చీలితే ప్రతి చీలిక మీదా అలాగే వెళ్లాలి. మధ్యలో రెసిస్టర్ గానీ బ్యాటరీ గానీ అడ్డు రాకుండా చేరుకున్న చోటంతా ఒకటే బిందువు, దానికి A అని పేరు. రెసిస్టర్ దాటాక వచ్చిన చోటుకు అప్పటికి పేరు లేకపోతే కొత్త అక్షరం. అలా పేర్లన్నీ పెట్టాక ఏ రెండు బిందువుల మధ్య ఏముందో వరసకు ఒకటి చొప్పున రాస్తే చాలు:

```
A-C : 9 V (A +)
A-B : 2 ohm
B-C : 4 ohm
A-D : 3 ohm
D-C : 6 ohm
B-D : 5 ohm
```

దీని కింద "బ్యాటరీ అంతర్గత నిరోధం సున్నా. బ్యాటరీ నుంచి వచ్చే కరెంట్ ఎంత?" అని రాస్తే ప్రశ్న పూర్తయింది. సర్క్యూట్‌లను లెక్కగట్టే SPICE అనే ప్రోగ్రామ్ 1970లలో బర్క్‌లీలో తయారైంది. అదీ సర్క్యూట్‌ను ఇలాంటి వరసలుగానే తీసుకుంటుంది, కాకపోతే ఒక బిందువుకు 0 అని పేరు పెట్టాలి.

ఇలా రాస్తుండగానే చాలామందికి సగం డౌట్ తీరిపోతుంది. పుస్తకంలో 5 ఓమ్‌ల రెసిస్టర్‌ను ఏటవాలుగా గీస్తే అది వీట్‌స్టన్ బ్రిడ్జి అని పిల్లలు గుర్తుపట్టరు. వరసల్లో రాశాక 2/4, 3/6 సమానమని కళ్లకు కనబడుతుంది. అంటే B, D ఒకే పొటెన్షియల్‌లో ఉన్నాయి, 5 ఓమ్‌లలో కరెంట్ పారదు. ఒక దారి 6 ఓమ్‌లు, ఇంకో దారి 9 ఓమ్‌లు. వాటిలో 1.5 ఆంపియర్లు, 1 ఆంపియర్, మొత్తం 2.5 ఆంపియర్లు. అదే మసక ఫోటోలో A-D దగ్గరి 3 కాస్తా 8లా కనబడిందనుకోండి. బ్యాలెన్స్ పోతుంది, లెక్కే మారిపోతుంది. చెప్పినవాళ్లదీ, అడిగినవాళ్లదీ వేర్వేరు లెక్క అని ఇద్దరిలో ఎవరికీ తెలియదు.

రాసింది సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి నేను పెట్టే పరీక్ష ఒకటే. పక్కవాడు పుస్తకం చూడకుండా, ఆ రాసినదాన్ని బట్టే బొమ్మ గీయాలి. గీస్తూ అతను ఎక్కడ తలెత్తి "ఇది ఎటువైపురా?" అని అడిగితే అక్కడే ఏదో రాయడం మరిచారని అర్థం. సాధారణంగా మరిచేది బ్యాటరీ పోలారిటీ, లేదా ఏ రెసిస్టర్‌లో కరెంట్ అడిగారన్నది. "పైన ఉన్న రెసిస్టర్" అని రాసినా కుదరదు, "A-B మధ్య ఉన్నది" అని రాయాలి.

జవాబు రాసే మనకూ ఇదే నియమం ఉండాలి. "ఆప్షన్ 3" అని వదిలేయకూడదు. "ఇది బ్యాలెన్స్ అయిన బ్రిడ్జి. A-B, A-D నిరోధాల నిష్పత్తి B-C, D-C నిరోధాల నిష్పత్తికి సమానం కాబట్టి B-D లో కరెంట్ లేదు, మొత్తం 2.5 A" అని రాయాలి. అలా రాస్తే వచ్చే ఏడాది పిల్లలు "బ్రిడ్జి" అని వెతికినా దొరుకుతుంది. చూపులేని విద్యార్థి ఫోన్‌లోని స్క్రీన్ రీడర్ కూడా దాన్ని చదివి వినిపిస్తుంది. ఫోటోలోని సర్క్యూట్‌ను అది అలా వినిపించలేదు. ఇది నాకు అన్నిటికంటే ముఖ్యమైన కారణం.

బొమ్మలు వద్దని నేను అనడం లేదు. ఫోటో పక్కన ఉండనివ్వండి, కానీ అది పోయినా ప్రశ్న నిలబడాలి. గ్రాఫులు కూడా చాలావరకు రాయొచ్చు. "వేగం 0 నుంచి 4 సెకన్ల వరకు సరళరేఖలో 0 నుంచి 8 m/s కు పెరిగింది, 10వ సెకను దాకా స్థిరం, 12వ సెకనుకు సరళరేఖలో సున్నా" అంటే దూరం 16 + 48 + 8, 72 మీటర్లు అని ఎవరైనా లెక్కేస్తారు. ప్రయోగంలో పాయింట్లు గుర్తించి చేత్తో గీసిన వక్రరేఖ అయితే ఇలా ఒక్క వాక్యంలో ఇమడదు. అప్పుడు ఆ గీత గీయడానికి తీసుకున్న రీడింగుల పట్టికనే టైప్ చేయమంటాను.