వాళ్లది 38, మాది 47: ఆ తేడా గురించి మెయిల్‌లో ఏం రాయాలి?

ఈ రోజు పొద్దున మా పాలిష్ యూనిట్‌లో కొత్తగా చేరిన కుర్రాడు ఒక మెయిల్ రాసి, పంపే ముందు నాకు చూపించాడు. హైదరాబాద్‌లో ఇల్లు కట్టుకుంటున్న ఒకాయన మా ధరను ఇంకొకరి ధరతో పోల్చి, ఎందుకింత ఎక్కువ అని అడిగాడు. మావాడు రాసిన జవాబులో ఒక వాక్యం ఇది: “అంత తక్కువకు ఇచ్చేవాళ్ల సరుకు ఎలా ఉంటుందో మేము వేరే చెప్పక్కర్లేదు.”

చదవగానే ఒళ్లు మండింది. వాడి మీద కాదు. తాడిపత్రిలో బండల వ్యాపారం చేసే మాలో చాలామంది ఇలాగే రాస్తాం. ఎవరి పేరూ ఎత్తలేదు, అబద్ధమూ చెప్పలేదు కదా అని సమాధానపడతాం. కానీ చదివినవాడి మనసులో ఒక అనుమానం నాటి వచ్చాం. దానికి రుజువు చూపించే బాధ్యత మాత్రం మన మీద పెట్టుకోలేదు. ఇది నిందే, కాకపోతే దొంగచాటు నింద.

ఎనిమిదేళ్ల కిందట నేనే ఇంతకన్నా ఘోరంగా రాశాను. “వాళ్లు సన్నబండ ఇస్తారు, జాగ్రత్త” అని ఒక బిల్డర్‌కు మెయిల్ పెట్టాను. ఆయన దాన్ని ఉన్నది ఉన్నట్టు అవతలి వ్యాపారికే పంపాడు. ఆ పెద్దాయన యార్డు మా వీధి చివరే. మరునాడు మెయిల్ కాగితం, ఒక వెర్నియర్ కాలిపర్ చేత్తో పట్టుకుని వచ్చాడు. కోప్పడలేదు. “నా బండను కొలిచి చూశావా నాయనా?” అని ఒక్క మాట అడిగాడు. నేను కొలవలేదు. ఎవరో లారీ డ్రైవర్ చెప్పిన మాట రాసేశాను. ఆయన వెంట తెచ్చిన బండ ముక్కను నా ముందే మూడు చోట్ల కొలిస్తే మూడు చోట్లా నిండుగా 20 మిల్లీమీటర్లు వచ్చింది. ఆ రోజు నుంచి నేను కొలవని విషయం మెయిల్‌లో రాయను.

అలాగని పోల్చడమే మానేయాలా? అక్కర్లేదు. కొనేవాడు రెండు కొటేషన్లు ముందు పెట్టుకుని తేడా చెప్పమంటే, “మాది నాణ్యమైన సరుకు” అని దాటేయడం కూడా అన్యాయమే. ఆయనకు కావలసింది లెక్క. పోయిన నెల నేను రాసిన ఒక మెయిల్‌ను విప్పి చెబుతాను.

బెంగళూరులో అపార్ట్‌మెంట్ కడుతున్న కాంట్రాక్టరుకు పార్కింగ్‌కూ మెట్లకూ కలిపి 4,000 చదరపు అడుగుల పాలిష్ నాపరాయి కావాలి. మేము అడుగుకు 47 రూపాయలు చెప్పాం. ఇంకొకరు 38 చెప్పారు. “ఒకే రాయికి తొమ్మిది రూపాయల తేడా ఎందుకు?” అని అడుగుతూ రెండో కొటేషన్‌లోని వివరాలు ఆయనే రాసి పంపాడు.

ఆ రెండు అంకెలు ఒకే వస్తువు ధరలు కావు. మా 47 అంటే ఆయన సైటులో దించిన ధర. వాళ్ల 38 అంటే యార్డులో ఉన్న బండ ధర. హమాలీ, లారీ బాడుగ విడిగా అని వాళ్ల కొటేషన్‌లో స్పష్టంగానే ఉంది. వాళ్లేమీ దాచలేదు. అందుకే నా మెయిల్‌లో మొదటి పని ఆ రెంటినీ ఒకే చోటికి, అంటే ఆయన సైటుకు తీసుకురావడం. హమాలీ అడుగుకు 2 రూపాయలు. లారీ బాడుగ 24,000, అంటే అడుగుకు 6. అవి కలిపితే వాళ్ల 38 కాస్తా 46 అవుతుంది. పన్ను ఇద్దరికీ ఒకే రేటున విడిగానే ఉంది కాబట్టి లెక్కలోకి తీసుకోలేదు.

ఇక్కడే చేయి తడబడుతుంది. వాళ్ల లారీ బాడుగ ఎంతో నాకు తెలియదు. నేను వేసింది నేను కట్టే బాడుగ. కాస్త పెంచి వేసుకుంటే మాదే చవక అని తేల్చేయవచ్చు, ఎవరూ పట్టుకోలేరు కూడా. అందుకే ఆ అంకె పక్కనే ఇలా రాశాను: “ఈ హమాలీ, బాడుగ మేము ఈ వారం కట్టినవి. వారికి వేరుగా ఉండవచ్చు, దయచేసి వారినే అడిగి ఈ అంకెలు మార్చుకోండి.” ఆ తర్వాతి వాక్యం: “ఇన్ని కలిపినా వారి ధర మా కన్నా అడుగుకు ఒక రూపాయి, మొత్తం మీద 4,000 రూపాయలు తక్కువే.” ఈ వాక్యం రాయడానికి ఇష్టం లేకపోతే పోల్చడానికే పూనుకోకూడదు.

తర్వాత పగుళ్ల సంగతి. మేము సైటులో దించాక ఎన్ని అడుగుల బండలు నిండుగా ఉంటే అంతకే బిల్లు వేస్తాం. యార్డు ధరకు కొంటే దారిలో పగిలినవి కొన్నవాడి ఖాతాలోకి వెళతాయి. మామూలుగా ఈ చోట “దారిలో బోలెడు పగులుతాయి” అని భయపెడతారు. నేను ఒక హద్దు మాత్రం లెక్కగట్టి ఇచ్చాను. 4,000 రూపాయలను 46తో భాగిస్తే దాదాపు 87 అడుగులు. అంటే నూటికి రెండు అడుగుల కన్నా కాస్త ఎక్కువ. అంతకన్నా తక్కువ పగిలితే వాళ్ల దగ్గర కొనడం లాభం. ఎక్కువ పగిలితే మా దగ్గర లాభం. పగిలిన బండంతా వృథా కాదనీ, గోడ అంచుల్లో తునకలుగా కోసి వాడుకోవచ్చనీ కూడా రాశాను. అది వాళ్ల వైపు మొగ్గే సంగతే. కానీ మేస్త్రీకి తెలిసిన విషయాన్ని నేను దాస్తే నా మిగతా లెక్కను మాత్రం ఎవరు నమ్ముతారు?

మందం గురించి రాసేటప్పుడు మాత్రం చాలాసేపు ఆలోచించాను. వాళ్ల కొటేషన్ వివరాల్లో “పాలిష్ నాపరాయి, రెండడుగుల బండ” అని ఉంది, మందం లేదు. మందం రాయకపోవడం వేరు, బండ సన్నగా ఉండడం వేరు. మొదటిది నా కళ్ల ముందున్న నిజం. రెండోది నా ఊహ. ఎనిమిదేళ్ల కిందట నేను అలాంటి దాన్నే నిజమని రాసేశాను. ఈసారి ఇలా రాశాను: “మీరు పంపిన వివరాల్లో మందం కనిపించలేదు. మాది 20 మిల్లీమీటర్లు. వారిదీ అంతే కావచ్చు, రాతపూర్వకంగా అడగండి.”

దానితో పాటు ఎవరి సరుకుకైనా పనికివచ్చే ఒక పరీక్ష కూడా చెప్పాను. నాపరాయి 20 మిల్లీమీటర్ల మందంలో చదరపు అడుగుకు సుమారు 5 కిలోలు తూగుతుంది. 4,000 అడుగులంటే 20 టన్నులు. అదే బండ 18 మిల్లీమీటర్లే ఉంటే 18 టన్నులకు పడిపోతుంది. లారీని ఖాళీగా ఒకసారి, లోడుతో ఒకసారి కాటా వేయించి, ఆ రెండు చీటీలూ తెప్పించుకుంటే తేడా కనబడుతుంది. రాయిని బట్టి, తడిని బట్టి కొన్ని వందల కిలోలు అటూ ఇటూ కావచ్చు కానీ రెండు టన్నులు కావు. ఈ పరీక్షతో ఒక్కో బండ మందం తెలియదు, మొత్తం లోడు సగటు మాత్రమే తెలుస్తుంది. కొన్ని బండలు మందంగా, కొన్ని సన్నగా ఉన్నాయేమో చూడాలంటే కాలిపర్‌తో ఓ పది బండలైనా కొలవాల్సిందే. “ముందు మా లారీ మీదే ఈ పరీక్ష చేయండి” అని కూడా రాశాను. మన సరుకు తట్టుకోలేని పరీక్షను ఎదుటివాడి సరుకుకు పెట్టమనడం కన్నా నీచమైన పని లేదు.

చివరగా, వాళ్లు మా కన్నా మెరుగ్గా ఉన్న చోటు. వాళ్ల దగ్గర స్టాకు ఉంది, నాలుగు రోజుల్లో లోడు కదులుతుంది. మాకు పన్నెండు రోజులు పడుతుంది. దీన్ని మెయిల్ అడుగున ఎక్కడో దాచలేదు. ధర లెక్క కిందే పెట్టాను. ప్రకటనల ప్రమాణాలు చూసే ఆస్కీ అనే సంస్థ పెట్టుకున్న నియమావళిలో పోలికల గురించి ఒక షరతు ఉంది: మనకు కృత్రిమంగా లాభం కలిగేలా పోల్చే అంశాన్ని ఎంచుకోకూడదు. మెయిల్ ప్రకటన కాదని అనవచ్చు. కానీ ధర, పగుళ్లు, మందం పోల్చి గడువును మాత్రం వదిలేస్తే నేను చేసింది సరిగ్గా అదే అవుతుంది. కొనేవాడికి ముందు ఏ ప్రశ్న వస్తుందో దాన్నీ పోల్చాలి. అందులో మనం ఓడిపోతే ఓడిపోవాలి.

ఆ కాంట్రాక్టరే క్లబ్ హౌస్ వంటగట్టుకు కూడా మా నాపరాయి వేయవచ్చా అని అడిగాడు. ఇంకెవరో గ్రానైట్ చెప్పారట. గ్రానైట్ తీసుకోమని ఒక్క ముక్కలో రాశాను. నాపరాయి సున్నపురాయి జాతిది. నిమ్మరసం, చింతపండు పులుసు పడితే పాలిష్ చచ్చిపోయి మచ్చ మిగులుతుంది.

ఇంకో సంగతి. ఎదుటివారి కొటేషన్ మన చేతికి వచ్చిందంటే అది ఆ కొనేవాడు మనల్ని నమ్మి చూపించినది. ఆ ధరను ఆయనకు రాసే జవాబులోనే వాడాలి. అదే 38ని పట్టుకుని ఇంకో నలుగురికి “ఫలానావాళ్లు ఇంతకిస్తున్నారు, తర్వాత బాడుగ కలుపుతారు” అని మెయిళ్లు పెట్టేవాళ్లను చూశాను. ఆ ధర ఆ లోడుకు, ఆ వారానికి చెప్పింది. రెండు నెలల తర్వాత అది నిజం కాకపోవచ్చు. అందుకే నా మెయిల్‌లో “మీరు నిన్న పంపిన వివరాల ప్రకారం” అని మొదలుపెట్టాను. అవతలివాళ్ల పేరు ఎక్కడా రాయలేదు, “మీ దగ్గరున్న రెండో కొటేషన్” అన్నాను.

ఇంతా రాస్తే ఆయన సరుకు వాళ్ల దగ్గరే కొన్నాడు. మెట్ల పని ఆగిపోయి ఉంది, పన్నెండు రోజులు ఆగలేనన్నాడు. పోయిన వారం కాటా చీటీల ఫోటో పంపాడు. లోడు నికరం 20 టన్నుల 100 కిలోలు. వాళ్ల బండ నిండు మందమే. నా మెయిల్‌లో “కావచ్చు” అని రాసిన చోట “సన్నబండ” అని రాసి ఉంటే, ఆ పెద్దాయన మళ్లీ మా గేటు ముందు నిలబడి ఉన్నట్టే అనిపించేది నాకు.

మా కుర్రాడి మెయిల్‌ను ఇద్దరం కూర్చుని సరిచేశాం. వాడి వాక్యం తీసేశాం. హైదరాబాద్ ఆయన పంపిన వివరాల్లో వాళ్ల ధర యార్డులోదా, ఇంటి దగ్గర దించినదా అన్నది లేదు. అందుకని లెక్క వేయలేదు. “వారి ధరలో బాడుగ కలిసి ఉందో లేదో మాకు తెలియదు. అది కనుక్కుని చెబితే రెండు ధరలనూ మీ ఇంటి గేటు దగ్గరికి తెచ్చి లెక్క పంపుతాం. వారిదే తక్కువైతే అదీ రాస్తాం” అని వాడితోనే రాయించాను. నాలుగు గంటలకు పంపాడు. ఆయన జవాబు ఇంకా రాలేదు.