పది సిస్టంలు, ఒకే రోజు సర్వీసింగ్: బావతో వాదం

అడిగిన ప్రశ్న: “నర్సంపేటలో పది సిస్టంలతో నెట్ సెంటర్ పెట్టాను. దుమ్ము దులపడం, ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ మార్చడం, డిస్కులు చూసుకోవడం, స్పేర్లు కొనిపెట్టుకోవడం ఎన్నాళ్లకోసారి చేయాలి?”

సరిగ్గా ఇదే విషయం మీద మొన్న ఆదివారం మా బావకూ నాకూ వాదన అయింది. ఆయన సెంటర్ వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్‌కు పోయే రోడ్డు మీద ఉంది. రిపేర్లు చేసేది నేను. నా పక్షం నాదేనని ముందే చెబుతున్నా. అయితే బావ అన్నవాటిలో నాకు గట్టిగా తగిలిన మాటలు కూడా తీసేయకుండా రాస్తున్నాను.

బావ: ఏడాదికి ఒక్క రోజు. ఏప్రిల్‌లో ఒక ఆదివారం షాపు బంద్ పెట్టి, పదీ విప్పి, దుమ్ము కొట్టి, పేస్ట్ మార్చి మూసేద్దాం. మళ్లీ ఏడాది దాకా వాటి మొహం చూడొద్దు. ఇది గుర్తుంటది, ఖర్చు తెలుస్తది.

నేను: పదీ ఒక్క తీరుగా దుమ్ము పడితే మీ లెక్క బాగానే ఉండేది బావా. తలుపు దగ్గరున్న మూడూ, లోపల గోడ వైపున్న ఏడూ ఒక్కటేనా?

బావ: ఒకే రోజు కొన్నవి, ఒకే మోడల్. తేడా ఏముంటది?

నేను: గాలిలో ఉంది తేడా. అక్టోబర్ నుంచి మార్చి దాకా ఈ రోడ్డంతా పత్తి బండ్లే. ఆ నూగు తలుపులోంచి నేరుగా ఒకటి, రెండు, మూడు నంబర్ల మీదికి వస్తుంది. ఎండాకాలం వచ్చేసరికి అదే తలుపు పక్కన మీరు కూలర్ పెడతారు. తడి గాలి తగిలితే పొడి దుమ్ము గట్టిపడి దుప్పటిలా అంటుకుంటుంది. మూడో నంబర్ విప్పినప్పుడు చూశారు కదా, ఫ్యాన్ మీద పెద్దగా ఏమీ లేదు. ఫ్యాన్ తీస్తే కింద, అల్యూమినియం రేకుల మధ్య, ఉన్ని గుడ్డ పరిచినట్టుంది. పైనుంచి చూసి శుభ్రంగా ఉందనుకుంటే అక్కడే మోసపోతాం.

బావ: అది పేస్ట్ ఎండిపోయినందుకు వేడెక్కింది. నేను వీడియోలో చూశాను, ఇవే లక్షణాలు.

నేను: ఆ రోజు అంకెలు నేను రాసిపెట్టాను, వినండి. గదిలో 34 డిగ్రీలు. CPU-Z లో Bench పేజీకి పోయి Stress CPU నొక్కి పది నిమిషాలు వదిలాను, పక్కన వేడి చూపించే HWMonitor తెరిచి ఉంచాను. మూడో నంబర్ 98 డిగ్రీలకు పోయింది. అక్కడ ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మీ కస్టమర్లు “మధ్యాహ్నం పూట ఫారం తెరుచుకుంటలేదు” అన్నది దాని గురించే, నెట్ గురించి కాదు. తర్వాత ఫ్యాన్ ఒక్కటే విప్పి ఆ దుప్పటి లాగేశాను. కింది రేకుల దిమ్మెను కదిలించలేదు, పేస్ట్ ముట్టుకోలేదు. మళ్లీ పది నిమిషాలు నడిపితే 76. ఇక పేస్ట్ తప్పేముంది?

బావ: మరి ఏడో నంబర్‌కు ఎందుకు మార్చినవ్?

నేను: దానికి దుమ్ము తీసినా 92 నుంచి 90కే దిగింది కాబట్టి. ఇంకో గుర్తు కూడా ఉంది. దుమ్ము వల్ల అయితే వేడి నిమిషం నిమిషానికీ మెల్లగా ఎక్కుతుంది. ప్రాసెసర్‌కూ దిమ్మెకూ మధ్య అతుకు చెడితే, Stress CPU నొక్కిన రెండు మూడు సెకన్లలోనే అంకె పైకి దూకుతుంది. ఏడో నంబర్ అట్లా దూకింది. పాత పేస్ట్ గీరితే సున్నంలా రాలింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, నడిమధ్యలో బఠాణీ గింజ కన్నా కొంచెం చిన్న బొట్టు పెట్టి బిగిస్తే 73కు వచ్చింది. పేస్ట్‌కు క్యాలెండర్‌తో పని లేదు బావా. మంచి పేస్ట్ రెండు మూడేళ్లు సునాయాసంగా ఉంటుంది. దుమ్ము తీసినా వేడి దిగకపోతేనే దాని వైపు చూడాలి.

బావ: నువ్వు బాగా చెప్తవ్ గానీ, నాలుగో నంబర్ సంగతి ఏంది? పోయిన దసరాకు బాగానే నడుస్తుండె. నువ్వు విప్పి పేస్ట్ మార్చి పోయినవ్. తెల్లారి నుంచి ఆగుడే ఆగుడు. రెండు రోజులు ఆ సీటు ఖాళీ. నువ్వు ముట్టుకోకపోతే అయ్యేది కాదు కదా?

ఇది నిజం. నాలుగు మూలల్లో ఉండే ప్లాస్టిక్ పిన్నుల్లో ఒకటి బోర్డులోకి పూర్తిగా దిగలేదు, నేను వెనక్కి తిప్పి చూసుకోలేదు.

నేను: తప్పు నాదే. ఎదురెదురు మూలలు జతగా నొక్కాలి, బోర్డు వెనక వైపు నాలుగు కాళ్లూ బయటికి వచ్చాయో లేదో చూడాలి. తొందరలో చూడలేదు. అందుకే చెబుతున్నా, దిమ్మె ఎత్తిన ప్రతిసారీ ఈ ప్రమాదం ఉంటుంది. మీ లెక్కలో ఏటా పది సిస్టంలకు నలభై పిన్నులు ఊడదీసి మళ్లీ నొక్కాలి. నా లెక్కలో ఈ ఏడాది ఒక్క దానికే పడింది.

బావ: ఒప్పుకున్నవ్ కాబట్టి ఆ మాట వదిలేస్తున్నా. కానీ దుమ్ముకు నిన్ను పిలవాల్సిన పని లేదు. మన పంక్చర్ దుకాణంలో కంప్రెసర్ ఉంది, ఒక్క గంటలో పదీ తళతళలాడినయ్.

నేను: ఆ గంటలోనే రెండు ఫ్యాన్లు పోయాయి కదా?

బావ: అవి పాతవి, పోయేవే పోయినయ్.

నేను: పాతవి కాదు బావా, జనవరిలో వేసినవి. ఆ ఒత్తిడికి ఫ్యాన్ దాని వేగానికి ఎన్నో రెట్లు తిరిగింది, బేరింగ్ అరిగి గరగరమంటోంది. అదీగాక ఆ ట్యాంకులో నీళ్లు చేరతాయి, గాలితో పాటు తుంపర బోర్డు మీద పడుతుంది.

బావ: ఆ రోజు నువ్వు ఊర్లో లేవు. మీ అక్క నాలుగు సార్లు ఫోన్ చేసింది, ఎత్తలేదు. ఇప్పుడు వచ్చి నా తప్పు అంటవా?

నేను: పెళ్లిలో ఉన్నాను, ఫోన్ వినపడలేదు. అది వేరే మాట. చేత్తో పట్టుకునే బ్లోయర్ ఒకటి కొనండి. సిస్టం ఆపి, వైరు పీకి, బయట అరుగు మీద పెట్టి, ఫ్యాన్ రెక్కను పెన్నుతో ఆపి పట్టుకుని కొట్టండి. కరెంటు అందించే SMPS కు బయటి జాలీలోంచే కొట్టాలి, డబ్బా విప్పొద్దు. కరెంటు తీసినా లోపల కెపాసిటర్లలో ఛార్జ్ ఉంటుంది. ఇది మీ షాపులో పిల్లగాడు కూడా చేయగలడు. తలుపు దగ్గరి మూడింటికి పత్తి సీజన్‌లో రెండు నెలలకోసారి, లోపలి ఏడింటికి మార్చిలో ఒకసారి, సెప్టెంబర్‌లో ఒకసారి.

అప్పటిదాకా చాయ్ తాగుతూ వింటున్న పక్క జిరాక్స్ షాపు కాకా కలగజేసుకున్నాడు.

కాకా: మా ఇంట్లో సిస్టం ఆరేళ్లయింది, ఒక్కసారి విప్పలే. బ్రహ్మాండంగా నడుస్తుంది. మీరు ఊరికే పరేషాన్ అవుతున్నరు.

బావ: విన్నవా?

నేను: కాకా, మీది రెండో అంతస్తులో బల్ల మీద ఉంది, రోజుకు ఎంతసేపు నడుస్తుంది?

కాకా: మనవడు సాయంత్రం ఒక గంట.

నేను: ఇక్కడ పన్నెండు గంటలు, నేల మీద, చెప్పుల పక్కన. బావా, అన్నిటికన్నా ముందు ఈ డబ్బాలను జానెడు ఎత్తు చెక్క మీద పెట్టండి.

బావ: సరే, చెక్కలు చేయిస్తా. మరి డిస్కులు? తొమ్మిదో నంబర్ డిస్క్ పోయేట్టుందని, డిస్కుల ఆరోగ్యం చూపించే CrystalDiskInfo లో చూసి నేనే పట్టుకున్నా. C7 లైన్‌లో అంకె పెద్దగా ఉండె. కొత్తది వేయించిన.

నేను: చూడటం మంచి పని. కానీ మీరు చూసిన లైన్ వేరు. కొత్త డిస్కుకు కూడా నెల తిరిగేసరికి C7 పెరగలేదా?

బావ: పెరిగింది. డూప్లికేట్ మాల్ ఇచ్చిండనుకున్నా.

నేను: C7 అంటే డిస్కుకూ బోర్డుకూ మధ్య మాటలు తప్పిపోతున్నాయని. ఎక్కువసార్లు దానికి కారణం SATA కేబుల్. కేబుల్ మార్చాను, అప్పటి నుంచి అంకె ఆగిపోయింది. అది ఎప్పటికీ తగ్గదు, పెరుగుతోందా లేదా అన్నదే చూడాలి. హార్డ్ డిస్కు పోతోందని తెలిపేవి 05, C5, C6. C5 అంటే చదవడానికి మొరాయిస్తున్న చోట్ల లెక్క. పోయిన నెల 8, ఈ నెల 40 అంటే ఆ డిస్కును ఇక నమ్మొద్దు. నెలకోసారి, మొదటి ఆదివారం పొద్దున, షట్టర్ తెరిచేలోపు పది సిస్టంల అంకెలు నోట్‌బుక్‌లో రాస్తే చాలు.

బావ: మన దగ్గర ఏడు SSDలు ఉన్నయ్. ఐదో నంబర్‌ది రాత్రి బాగుంది, పొద్దున చనిపోయింది. CrystalDiskInfo లో Good అనే ఉండె. నీ నోట్‌బుక్ ఏం చేసింది?

నేను: ఏమీ చేయలేదు. SSD చాలాసార్లు చెప్పకుండానే పోతుంది, అంకెలు చూసి దాన్ని పట్టుకోలేం. దానికి మందు వేరు. నెట్ సెంటర్ సిస్టంలో దాచుకునే సమాచారం ఉండదు కదా. విండోస్, బ్రౌజర్, ప్రింటర్ డ్రైవర్, తెలుగు ఫాంట్లు అన్నీ వేసిన ఒక SSDని కాపీ తీసి డ్రాయర్లో పెట్టుకోండి. పోయినది తీసి ఇది పెడితే పావుగంటలో సీటు మళ్లీ నడుస్తుంది. పెట్టాక కంప్యూటర్ పేరు మార్చడం మరవొద్దు. ఒకే పేరుతో రెండు ఉంటే షేర్ చేసిన ప్రింటర్ పేచీ పెడుతుంది. లెక్కలు రాసుకునే మీ కౌంటర్ సిస్టం మాత్రం ఇందులోకి రాదు, దానికి వారం వారం బ్యాకప్ తీయాల్సిందే.

బావ: అక్కడ ఒక SSD, ఇక్కడ ఒక SMPS, ఒక ర్యామ్, ఒక ఫ్యాన్. డ్రాయర్లో పైసలు పెట్టి తాళం వేసుకున్నట్టే. హనుమకొండ పోతే గంటలో అన్నీ దొరుకుతయ్. నువ్వు ఇయ్యాల కొన్న ర్యామ్‌కు వచ్చే ఏడాది సగం ధర కూడా రాకపోవచ్చు.

నేను: దోస్త్ డిగ్రీ అడ్మిషన్లకో ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌కో చివరి రోజు, రాత్రి ఎనిమిదింటికి SMPS పోతే? ఏ దుకాణం తెరిచి ఉంటుంది?

బావ: అట్లాంటి రోజు ఏడాదికి నాలుగు వస్తయ్. నాలుగు రోజుల కోసం అన్ని వేలు పెట్టి కొనాల్నా? అంతకన్నా పదో నంబర్‌నే పక్కకు పెడితే సరి. ఏది పోతే దానికి దీన్నుంచి పీకి పెట్టొచ్చు. అన్నీ ఒకే మోడల్ కదా.

దీనికి నా దగ్గర వెంటనే జవాబు దొరకలేదు. విడిగా కొన్న సామాను పనిచేస్తుందో లేదో వేసి చూసేదాకా తెలియదు. పదో నంబర్‌లోది నిన్నటిదాకా నడిచిన సామాను. అనుమానమున్న ర్యామ్‌ను దాంట్లో పెట్టి పరీక్షించుకోవచ్చు కూడా.

నేను: ఆలోచన బాగుంది. కానీ రద్దీలో ఆ సీటు మీద వచ్చే పైసలు పోతాయి కదా. జూన్‌లో జనం నిలబడి ఎదురు చూస్తారు.

బావ: జూన్‌లో నడిపిస్తా, మిగతా అప్పుడు పక్కకు పెడతా.

నేను: స్పేర్ అక్కరపడేదే జూన్‌లో బావా.

బావ: అయితే SSD, SMPS రెండే కొంటా. ర్యామ్, ఫ్యాన్, బోర్డు పదో నంబర్‌లోవే. బోర్డు మీది సెల్ ఎంత?

నేను: CR2032, వాచీలు బాగుచేసే దుకాణంలో కూడా దొరుకుతుంది. నాలుగు తెచ్చిపెట్టండి. ఆ సెల్ అయిపోయి సిస్టంలో టైం తప్పితే బ్రౌజర్లో సైట్లు తెరుచుకోవు, జనం నెట్ పోయిందనుకుంటారు.

పదో నంబర్‌ను జూన్‌లో ఏం చేయాలన్నది మాత్రం తేలలేదు. ఆయన లెక్క ఆయనది, నా లెక్క నాది. వడ్రంగికి ఫోన్ చేసి పది చెక్కలు చెప్పాడు. ఒకటి, రెండు, మూడు నంబర్ల డబ్బాలకు ఎర్ర స్టిక్కర్ అంటించి, పక్కన తారీఖు రాయమని పిల్లగాడికి చెప్పాడు. తర్వాత నా వైపు తిరిగి, మొదటి ఆదివారం ఎన్నింటికి వస్తావని అడిగాడు.