పారాబెన్ లేదు సరే, మరి ఏముంది?

“అందరికీ పంపండి. నేచురల్, క్లీన్ అని రాసి ఉన్న క్రీములే వాడండి, అవి ప్రభుత్వం పరీక్షించినవి. నోరు తిరగని పేరున్నదంతా విషమే. పూసినదాంట్లో 60 శాతం 26 సెకన్లలో రక్తంలో కలుస్తుంది. పారాబెన్లతో రొమ్ము క్యాన్సర్ వస్తుంది. ప్రిజర్వేటివ్ లేనివే సురక్షితం.”

ఈ వారంలో ఇది నాకు నాలుగోసారి వచ్చింది. పంపినవాళ్లలో ఇద్దరు డిగ్రీలో నా పక్కన కూర్చుని కెమిస్ట్రీ చదివినవాళ్లు. అదీ నా బాధ.

ముందు ఆ ముద్ర సంగతి. కాస్మెటిక్స్ విషయంలో ‘నేచురల్’ అంటే ఏమిటో అమెరికాలో ఎఫ్‌డీఏ నిర్వచించలేదు. యూరోపియన్ యూనియన్ కాస్మెటిక్స్ చట్టంలోనూ ఆ నిర్వచనం లేదు. ‘క్లీన్’ అయితే పూర్తిగా అమ్మేవాళ్ల మాట, ఎవరి జాబితా వాళ్లది. ఐఎస్ఓ 16128 అని ఒక లెక్క ఉంది కానీ, అది పదార్థం ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తుంది, భద్రత జోలికి పోదు. పైగా అందులో నీళ్లను కలిపీ లెక్కేయొచ్చు, తీసేసీ లెక్కేయొచ్చు. వంద గ్రాముల లోషన్‌లో 80 గ్రాములు నీళ్లు, 10 గ్రాములు మొక్కల నూనె, 10 గ్రాములు సింథటిక్ అనుకోండి. నీళ్లతో కలిపితే 90 శాతం నేచురల్. నీళ్లు తీసేస్తే 50. డబ్బా మీద ఏ అంకె వేస్తారో మీరే ఊహించుకోండి.

నోరు తిరగని పేర్లా? టోకోఫెరాల్ అంటే విటమిన్ ఇ. ఇక ముందుకు పోదాం.

26 సెకన్లా? అదే నిజమైతే ఇంజెక్షన్లతో పనేముంది, మందులన్నీ మోచేతికి రాసుకుంటే సరిపోయేది. కొన్ని పదార్థాలు చర్మం దాటి లోపలికి పోతాయి, చాలావి పైపొరలోనే ఆగిపోతాయి. అన్నిటికీ ఒకే శాతం, ఒకే స్టాప్‌వాచ్ ఉండవు.

నా ఓపిక పోయేది చివరి రెండింటి దగ్గర. పారాబెన్లంటే క్రీము చెడిపోకుండా వేసే ప్రిజర్వేటివ్‌లలో ఒక రకం. క్యాన్సర్ భయం పెరిగింది 2004లో బ్రిటన్‌లో వచ్చిన ఒక పరిశోధనతో. 20 రొమ్ము కణితుల నమూనాలు చూశారు, వాటిలో పారాబెన్లు కనిపించాయి. ఆరోగ్యంగా ఉన్న కణజాలాన్ని పోల్చి చూడలేదు. కనిపించడం వేరు, కారణం కావడం వేరు. క్యాన్సర్‌కు అవే కారణమని ఆ పరిశోధన తేల్చనే లేదు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. పారాబెన్లన్నీ ఒకటి కావు. యూరప్ 2014లో ఐదు రకాలను నిషేధించింది, ప్రొపైల్, బ్యూటైల్ పారాబెన్లకు పరిమితి తగ్గించింది. కాబట్టి అనుమానించినవాళ్లందరూ పిచ్చివాళ్లేం కాదు.

కానీ ఆ భయానికి జరిగిందేమిటి? కంపెనీలు ‘పారాబెన్ ఫ్రీ’ అని రాసుకుని, చాలాచోట్ల మిథైల్‌ఐసోథయాజోలినోన్ అనే ప్రిజర్వేటివ్ వేశాయి. చేతులు, ముఖాలు దద్దుర్లతో ఎర్రబడి జనం చర్మవైద్యుల దగ్గరికి క్యూ కట్టారు. అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2013లో దాన్ని ‘ఈ ఏటి అలెర్జెన్’గా ప్రకటించింది. పూసి వదిలేసే క్రీముల్లో యూరప్ దాన్ని 2017 నుంచి ఆపేసింది. 2019లో అదే సొసైటీ పారాబెన్లకు ‘ఈ ఏటి నాన్-అలెర్జెన్’ అని బిరుదిచ్చింది, అలెర్జీ అంత అరుదని. ఈ వార్తను మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు లెండి.

అసలు ప్రిజర్వేటివే లేకపోతే? నాకు ఎవరో బహుమతిగా ఇచ్చిన కలబంద క్రీము కథ చెబుతాను. నీళ్లు, గుజ్జు, నూనె, అంతే. వెడల్పు మూత డబ్బా, బాత్‌రూమ్ అర, రోజూ తడివేలు. ఐదో వారం మూత లోపలి అంచున బూడిదరంగు చుక్కలు కనిపించాయి, ముక్కిన తడిగుడ్డ వాసన కొట్టింది. అది బూజు కాబట్టి కంటికి కనిపించింది. బాక్టీరియా లక్షల్లో పెరిగినా రంగు, వాసన మారకపోవచ్చు. సూడోమొనాస్ అనే బాక్టీరియా లాంటిది అలాంటి డబ్బాలో హాయిగా బతుకుతుంది. 1970లలో ఇది చేరిన మస్కారాలు వాడినవాళ్లలో, బ్రష్ తగిలి కంటిపొర గీసుకుపోయిన కొందరికి కార్నియాలో పుండ్లు పడ్డాయి. అందుకే సరైన తయారీదారు ఛాలెంజ్ టెస్ట్ చేస్తాడు. క్రీములో కావాలనే సూక్ష్మజీవులను వేసి 28 రోజులు చూస్తాడు. ఐఎస్ఓ పరీక్షలోని కఠినమైన ప్రమాణం ప్రకారం బాక్టీరియా వారంలో వెయ్యో వంతుకు పడిపోవాలి. మీ ‘ప్రకృతి ప్రసాదం’ ఆ పరీక్ష రాసిందా?

మొక్కల నూనెలూ అమాయకులేం కావు. లావెండర్‌లోని లినలూల్, నారింజ తొక్క నూనెలోని లిమోనీన్ గాలి తగిలి పాతబడితే హైడ్రోపెరాక్సైడ్లుగా మారతాయి. అలెర్జీ తెచ్చేది ప్రధానంగా అవే. మూత తీసి ఏడాదైన సీసా, ఎంత సహజమైనదైనా, ముఖానికి పనికిరాదు.

ఇంకో మాట కూడా ఒప్పుకుంటాను. నీళ్లు బొత్తిగా లేని బామ్, నూనె లాంటివాటికి మామూలుగా ప్రిజర్వేటివ్ అక్కర్లేదు, సూక్ష్మజీవులు పెరగడానికి నీళ్లు కావాలి కాబట్టి. పదార్థాల జాబితా మొదట్లోనే ‘ఆక్వా’, అంటే నీళ్లు, కనిపించి, వెనకాల ప్రిజర్వేటివ్ ఏదీ కనిపించకపోతే మాత్రం ఆ డబ్బా నాకు పంపకండి. ఆ మెసేజ్ కూడా.