మాట్లాడుతూనే ఉన్నా మెదడు దాచుకోని గంటలు

"రాత్రి బాగానే మాట్లాడావు కదా, ఇప్పుడు గుర్తులేదంటే ఎలా నమ్మాలి?" పార్టీ మర్నాడు చాలా ఇళ్లలో వినిపించే ప్రశ్న ఇది. తాగినవాడు అబద్ధమాడుతున్నాడనే చాలామంది అనుకుంటారు. చాలాసార్లు అతను చెప్పేది నిజమే. తాగిన మత్తులో మెలకువగానే ఉన్నా జరిగింది మెదడులో నమోదు కాకపోవడాన్ని బ్లాకౌట్ అంటారు.

1970లో అమెరికాలో డొనాల్డ్ గుడ్విన్ అనే మానసిక వైద్యుడు తన బృందంతో ఈ సంగతిని నేరుగా పరీక్షించాడు. తాగుడు అలవాటున్న మగవాళ్లకు నాలుగు గంటల్లో దాదాపు అర లీటరు బోర్బన్ విస్కీ ఇచ్చారు. మన లెక్కలో మూడు క్వార్టర్లకు కాస్త తక్కువ. మధ్యమధ్యలో మర్చిపోలేని దృశ్యాలు చూపించి, ఏం చూశారని అడిగారు. రెండు నిమిషాల తర్వాత అడిగితే చాలామంది చెప్పగలిగారు. అరగంట తర్వాత సగం మందికి ఏమీ గుర్తులేదు. మర్నాడు అడిగినా అంతే.

కిటుకంతా ఆ రెండు నిమిషాలకూ అరగంటకూ మధ్యే ఉంది. ఇప్పుడే విన్న మాటను కాసేపు పట్టి ఉంచడం ఒక పని, దాన్ని రేపటికి దాచడం మరో పని. రెండోదానికి మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగం కావాలి. అక్కడ గ్లుటమేట్ అనే రసాయనం ఎన్ఎండీఏ గ్రాహకాలను తెరిచినప్పుడే నాడీకణాల మధ్య బంధం గట్టిపడి, అనుభవం జ్ఞాపకంగా నిలుస్తుంది. ఆల్కహాల్ ఈ గ్రాహకాలను అణిచేస్తుంది, మరోవైపు మెదడును నెమ్మదింపజేసే గాబా ప్రభావాన్ని పెంచుతుంది. పాత జ్ఞాపకాలు మాత్రం అందుబాటులోనే ఉంటాయి. అందుకే మనిషి పేర్లు పెట్టి పిలుస్తాడు, వాదిస్తాడు, బండి కూడా తీస్తాడు.

కొందరికి ఆ రాత్రి ముక్కలుగా గుర్తుంటుంది, ఎవరైనా గుర్తుచేస్తే కొంత తిరిగి వస్తుంది. పూర్తి బ్లాకౌట్‌లో ఆ గంటలు అసలు నమోదే కావు కాబట్టి ఎంత తరచి అడిగినా బయటికి రావు. అందరూ చెప్పిందే విని తనకు గుర్తొచ్చిందనుకునే ప్రమాదం మాత్రం ఉంది.

ఎంత తాగారన్నదే కాదు, ఎంత వేగంగా తాగారన్నదీ ముఖ్యం. ఖాళీ కడుపుతో గబగబా తాగితే రక్తంలో ఆల్కహాల్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 160 మిల్లీగ్రాముల దగ్గర బ్లాకౌట్‌లు తరచుగా కనిపిస్తాయి, ఇంతకంటే తక్కువకే వచ్చేవాళ్లూ ఉన్నారు. మన దేశంలో డ్రైవింగ్‌కు పరిమితి 30. నిద్రమాత్రలు తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది.

స్పృహ తప్పడం బ్లాకౌట్‌కు పూర్తిగా వేరు. అప్పుడు మనిషి పలకడు, లేపినా లేవడు. కడుపులో మిగిలిన మద్యం ఇంకా రక్తంలోకి చేరుతూనే ఉంటుంది, ఊపిరి మందగించవచ్చు, వాంతి గొంతుకు అడ్డుపడవచ్చు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. బ్లాకౌట్‌లో ఉన్నవాడిని చూడగానే పట్టుకోలేం. అడిగిన ప్రశ్నే మళ్లీ మళ్లీ అడుగుతుంటే అనుమానించాలి. "ఇప్పుడెక్కడున్నావ్?" అంటే సరిగ్గానే చెప్తాడు. "అరగంట క్రితం మనం ఏం మాట్లాడుకున్నాం?" అని అడగండి. తడుముకుంటుంటే బండి తాళాలు తీసుకోండి, ఆ రాత్రి అతను దేనికి ఒప్పుకున్నా దాన్ని సమ్మతిగా తీసుకోకండి.