సిగ్గుపడమని నా గేటుకే అంటించి పోయారు

పొద్దున్న ఆరున్నరకి పాల ప్యాకెట్టు కోసం గేటు తీశాను. గేటు మీద కాగితం, మైదా బంక ఇంకా తడిగానే ఉంది. పైన ఒడియా, కింద తెలుగు. "ప్రజలారా! ప్రతి ఇంట్లోనూ నీరు వ్రుదా అవుతున్నది. మీ నిర్లక్షం మానండి. సిగ్గుపడండి."

సిగ్గుపడాలట. ఎవరు? రాత్రి బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు మొక్కకి పోసి, పొద్దున్న బట్టలు జాడించిన నీళ్లతో బాత్రూమ్ కడిగి, కుళాయి వచ్చే గంట కోసం అలారం పెట్టుకుని లేచే నేనా? మా కింది వాటా పెద్దమ్మ కళ్లజోడు లేకుండా కాగితం దగ్గరికొచ్చి, "ఏటమ్మా, మనల్నేనా తిడతన్నారు?" అంది. మనల్నే పెద్దమ్మా. వీధి చివర పెద్ద పైపు పగిలి ఎన్నాళ్లనుంచో కారుతోంది, దాని మీద మాత్రం ఏ కాగితమూ లేదు. పైపుకి సిగ్గు ఉండదు కాబోలు.

బరంపురం ఎండల్లో నీళ్లు పొదుపు చెయ్యాలని మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. చెప్పేదేదో పనికొచ్చేలా చెప్పొచ్చు కదా అన్నదే నా ఏడుపు. "ప్రతి ఇంట్లోనూ వృథా అవుతోంది" అని రాసినాయన తనకి తెలియకుండానే ఏం చెప్పాడో చూడండి. అందరూ పారబోస్తున్నారు అన్నాడు. చదివినవాడికి ఎక్కేది అదే. అందరూ పారబోస్తుంటే నేనొక్కణ్ణీ బకెట్లు లెక్కపెట్టుకోవడం దేనికి అనుకుంటాడు.

ఇది నా సొంత తెలివి కాదు. అమెరికాలో ఒక పార్కు ఉంది. కోట్ల ఏళ్ల కిందటి చెట్లు అక్కడ రాయిగా మారిపోయి ఉంటాయి. జనం ఆ ముక్కలు జేబులో వేసుకుని పోతుంటారు. రాబర్ట్ చాల్దీనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వాళ్లు అక్కడ రెండు రకాల బోర్డులు పెట్టి చూశారు. "చాలామంది ఎత్తుకుపోతున్నారు, అడవి పాడవుతోంది" అన్న బోర్డు దగ్గరే దొంగతనం ఎక్కువైంది. "దయచేసి తీసుకోకండి" అని ఊరుకున్న చోట తక్కువగా ఉంది. మా గేటు మీద ఉన్నది ఆ మొదటి రకం బోర్డే, పైగా అచ్చుతప్పులతో.

మా బిల్డింగులో ఎనిమిది వాటాలు. కుళాయి నీళ్లు సంపులో పడతాయి, మోటారు వేస్తే మేడ మీద రెండు వేల లీటర్ల ట్యాంకులోకి ఎక్కుతాయి. నీళ్లు పోయేది వంటింట్లో కాదు, అక్కడే. స్విచ్ వేసి సీరియల్ ముందు కూర్చుంటే అంతే సంగతులు. నిరుడు వేసవిలో మా అబ్బాయి ట్యాంకులో పడే పైపు కింద ఇరవై లీటర్ల బకెట్టు పట్టాడు. ముప్పై సెకన్లలో నిండింది. అంటే నిమిషానికి నలభై లీటర్లు. పది నిమిషాలు మర్చిపోతే నాలుగు వందల లీటర్లు, ఇరవై బకెట్లు. పళ్లు తోముకుంటూ కుళాయి కట్టెయ్యండని మాకు పాఠం చెప్పేవాళ్లెవరూ ఈ బకెట్టు పట్టి చూసినట్టు లేదు.

మొదట నేనూ తప్పే చేశాను, ఒప్పుకుంటాను. స్విచ్ పక్కన "మోటారు ఆపడం మర్చిపోకండి" అని రాసి అంటించాను. మర్చిపోతావని ముందే అనేస్తే ఎవరికి నచ్చుతుంది? మూడో వాటా ఆయన నాతో వారం మాట్లాడలేదు. తర్వాత లెక్క వేసి, "సగం ట్యాంకుకి 25 నిమిషాలు, ఫోన్లో అలారం పెట్టండి" అని మార్చాను. కొన్నాళ్లు బాగానే నడిచింది. మే వచ్చేసరికి సాయంత్రం వోల్టేజీ పడిపోయింది, మోటారు ఈసురోమంటూ తోస్తోంది. ఇరవై అయిదు నిమిషాలకి ఆపితే ట్యాంకు నిండదు. మళ్లీ వేస్తారు, ఈసారి అలారం పెట్టరు, నీళ్లు మళ్లీ కాలవ పాలు.

అసలు గొడవేమిటంటే, ట్యాంకు పొంగే పైపు వెనకవైపు కాలవలోకి చప్పుడు లేకుండా దిగుతుంది. పోతున్న సంగతి ఎవరికీ కనపడదు, వినపడదు. పైపుకి ఒక వంపు పెట్టించి ముందు పోర్టికో రేకు మీద పడేలా చేశాం. ఇప్పుడు పొంగితే బిల్డింగంతా డప్పు. స్విచ్ పక్కన కాగితం మార్చాను: "రేకు మోగక ముందే ఆపేద్దాం. ఎనిమిది వాటాల్లో ఆరు ఇప్పటికే ఆపుతున్నాయి."

ఆరు అన్నది అబద్ధం కాదు, పది రోజులు చూసి రాశాను. రెండే ఆపుతుంటే "ఎక్కువమంది ఆపుతున్నారు" అని రాయకూడదు, పక్కింటివాళ్లకి ఆ మాత్రం లెక్క తెలుసు. అప్పుడు ఆ వాక్యం తీసేసి రేకు సంగతి ఒక్కటే ఉంచాలి. మిగిలిన రెండు వాటాల పేర్లు మాత్రం రాయలేదు. ఎవరో వాళ్లకి తెలుసు, నాకూ తెలుసు, పెద్దమ్మకి మరీ బాగా తెలుసు.

"ఆపేద్దాం" అన్న మాట చూశారా? "ఆపండి" అంటే నేను పైన కూర్చుని చెప్తున్నట్టు. "ఆపు" అంటే పెద్దరికం. "ఆపొద్దా, సిగ్గు లేదా" అంటే గేటు మీద కాగితం. "ఆపేద్దాం" అంటే నేనూ స్విచ్ దగ్గరికి నడుస్తున్నాను. మన భాషలో చివరి అక్షరాల్లోనే మర్యాద అంతా ఉంటుంది. అది తెలియనివాళ్ల చేత తెలుగు రాయిస్తే ఇలాగే ఏడుస్తుంది.

తెలుగు అంటే గుర్తొచ్చింది, ఇక ఆగను. 1936 ఏప్రిల్ 1 వరకూ ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఈ సందుల్లో ఒడియా ఎంత వినపడుతుందో తెలుగూ అంతే వినపడుతుంది. అయినా మా భాషలో ఒక్క కాగితం అచ్చు తప్పులు లేకుండా రాదు. పైన ఒడియాలో "జొళొ హిఁ జీబొనొ" అని గుండ్రంగా, అందంగా వేశారు. నీళ్లే ప్రాణం అన్న మాట వాళ్లకి, సిగ్గుపడండి అన్న మాట మాకు! తిట్టేటప్పుడు మాత్రం తెలుగు గుర్తొస్తుంది. పోనీ ఆ తిట్టైనా సరిగ్గా తిట్టారా? "వ్రుదా" ఏమిటి, "నిర్లక్షం" ఏమిటి? మా స్కూల్లో తెలుగు మాస్టారు ఈ కాగితం చూస్తే అంటించినవాణ్ణి గోడకుర్చీ వేయించేవారు.

కాగితం చింపలేదు. బంక పచ్చిగా ఉంది కదా, మెల్లగా ఊడదీశాను. వెనకవైపు తెల్లగా, మందంగా, బాగుంది. ఆరబెట్టి, దాని మీద స్కెచ్ పెన్నుతో "రేకు మోగక ముందే" అని పెద్దక్షరాలతో మళ్లీ రాసి స్విచ్ పక్కన పాతది తీసి ఇది పెట్టాను. పెద్దమ్మ వచ్చి చూసి, "అక్షరాలు బాగున్నాయి గానీ ఆరు కాదమ్మా, ఇప్పుడు ఏడు" అంది. నిన్నటినుంచి మూడో వాటా ఆయన కూడా ఆపుతున్నాడట.

ఆరు కొట్టేసి ఏడు వేశాను. మీ వీధిలోనూ ఈ కాగితాలు అంటించి ఉంటే, బంక ఆరక ముందే తీసి నాకు ఇవ్వండి. పక్క బిల్డింగువాళ్లు కూడా అడుగుతున్నారు.