మూడు వారాల పరిచయానికి పన్నెండు అడుగుల ఫ్లెక్సు

పెళ్లిచూపులు జరిగి మూడు వారాలైంది. అమ్మాయి ఔననలేదు, కాదనలేదు. పెద్దలు ఫోన్ నంబర్లు ఇచ్చి "ముందు మీరిద్దరూ మాట్లాడుకోండి" అన్నారు. మాట్లాడుకుంటున్నారు కూడా, ఇంకా "మీరు, అండీ" దగ్గరే ఉన్నారు. ఇంతలో అమ్మాయి పుట్టినరోజు వచ్చిపడింది. ఇటువంటి సంక్లిష్ట సమయంలో తిరుపతి యువకుడు ఏం చేస్తాడో పాఠకులకు నేను కొత్తగా చెప్పనక్కర్లేదు. ఫ్లెక్సు షాపుకు వెళ్లి "ఎనిమిదికి పన్నెండు అడుగులు" అంటాడు.

ఈ ఆచారాన్ని నేను చాలా శ్రద్ధగా పరిశీలించాను. పరిచయం ఎంత తక్కువైతే కేకు అంత పెద్దదన్నది దీని మూలసూత్రం. పదేళ్లు కాపురం చేసిన భర్తకు భార్య పుట్టినరోజు రాత్రి తొమ్మిదింటికి గుర్తొస్తుంది. బేకరీ మూసేస్తారేమోనని చెప్పులు మరిచి పరుగెడతాడు. మూడు వారాల మనిషి మాత్రం పది రోజుల ముందే సర్‌ప్రైజులు ఏర్పాటు చేసేవాళ్లకు అడ్వాన్సు కట్టేసి ఉంటాడు.

బైరాగిపట్టెడలో ఒక మహిళా హాస్టలు ముందు జరిగిందంటూ ఒక మిత్రుడు వర్ణించిన ఘట్టం వినండి. అర్ధరాత్రికి ఐదు నిమిషాలు తక్కువ. గేటుకు తొమ్మిదిన్నరకే తాళం పడింది. ఎదురుగా రెండు కరెంటు స్తంభాల మధ్య ఫ్లెక్సు కడుతున్నారు. అందులోని ఫొటో అమ్మాయి వాట్సాప్‌లోది. ఫోనులో రూపాయి బిళ్లంత కనబడాల్సిన దాన్ని పన్నెండు అడుగులకు సాగదీయడంతో ముఖమంతా గళ్లు పడింది. అసలు అది ఎవరిదో పెళ్లిలో దిగిన ఫొటో కనుక, భుజం మీద పిన్నిగారి చేయి కూడా మిగిలిపోయింది. కింద "శుభాకాంక్షలతో" అంటూ తొమ్మిది మంది కుర్రాళ్ల తలకాయలు వరసగా ఉన్నాయి, అందరికీ నల్లకళ్లద్దాలు. ఆ తొమ్మిది మందిలో ఒక్కడిని కూడా అమ్మాయి జన్మలో చూసి ఎరగదు. ఫోనులో "భోంచేశారా అండీ" అనే పెద్దమనిషి ఫ్లెక్సు మీద "నా ప్రాణం నువ్వే" అని రాయించాడు. పరిచయంలో రావలసిన దశలన్నీ ప్రింటింగు యంత్రం రాత్రికి రాత్రి పూర్తిచేసింది.

పన్నెండైంది. టపాసు గొట్టాలు పేలాయి, రంగు కాగితాలు ఎగిరాయి, వీధికుక్కలు ఏకకంఠంతో స్పందించాయి. పై అంతస్తు కిటికీల్లో లైట్లు వెలిగాయి. వార్డెన్ వచ్చింది. ఆమె వెనకాల నైటీ మీద చున్నీ కప్పుకుని అమ్మాయి వచ్చింది. గేటు కడ్డీల సందులోంచి చాకు అందించి, కేకు కోయమన్నారు.

అప్పుడు అమ్మాయి మెల్లగా చెప్పిందట, ఆ రోజు తన పుట్టినరోజు కాదని. ఒకటో తరగతికి ఐదేళ్లు నిండినట్టు ఉండాలని బళ్లో మాస్టారు వేసిన తేదీ అది. సర్టిఫికెట్లలో అదే పాతుకుపోయింది, అక్కడి నుంచి ఫేస్‌బుక్కుకు చేరింది. అసలు తేదీ నక్షత్రం, పాదంతో సహా జాతకంలో ఉంది. ఆ జాతకం పసుపు రాసిన కవరులో అబ్బాయి ఇంట్లోనే, వాళ్లమ్మ బీరువాలో ఉంది. ఫ్లెక్సుకు అడుగులు కొలిచినవాడు ఆ కవరు తెరవలేదు. "మీ పుట్టినరోజు సర్టిఫికెట్లో ఉన్నదేనా, ఇంట్లో వేరే రోజు చేస్తారా?" అని పైసా ఖర్చు లేకుండా అడగనూ లేదు. మన పంచాంగం లెక్కలో రోజు సూర్యోదయంతో మొదలవుతుందనీ, అర్ధరాత్రి పన్నెండింటికి పాత రోజే నడుస్తుంటుందనీ అతనికి చెప్పడం ఇక అనవసరం.

ఇంతవరకూ నవ్వుకున్నాం. మర్నాడు ఏమవుతుందో కూడా చూడండి. వార్డెన్ తిట్టేది అబ్బాయిని కాదు, అమ్మాయిని. ఫోను వెళ్లేది పలమనేరులో ఉన్న వాళ్ల నాన్నకు. ఆయన ఇంకా ఎవరికీ మాటివ్వలేదు, బంధువులకు చెప్పనూ లేదు. ఇప్పుడు వీధి మొత్తానికి తెలిసింది. ఆఫీసులో నలుగురూ నలభై ప్రశ్నలు వేస్తారు. రేపు ఈ సంబంధం కుదరకపోతే, ఆమె ముఖం మీద "నా ప్రాణం" అన్న రాత తొమ్మిది మంది ఫోన్లలో ఉండిపోతుంది. ఆ తొమ్మిది ఫోన్లలోంచి ఎవడు తుడిపిస్తాడు? ఇంత చేసినవాడు స్నేహితుల దగ్గర కూర్చుని "అంత ఖర్చు పెడితే కనీసం నవ్వను కూడా లేదురా" అని వాపోతాడు! ఎందుకు నవ్వాలి? వద్దనే అవకాశం లేకుండా పదిమంది ముందు నిలబెట్టి ఇచ్చేది కానుక ఎలా అవుతుంది? అది జవాబు కోసం మెడ మీద కూర్చోవడం. సర్‌ప్రైజులు ఇష్టమని ఆమె నోటితో ఒక్కసారైనా అన్నదా? అన్నదంటే కాణిపాకం వెళ్లి ప్రమాణం చేయమనండి చూద్దాం.

దీనికి విరుగుడుగా మరో జాతి తయారైంది. వీళ్లు మధ్యాహ్నం మూడింటికి "హెచ్‌బీడీ" అని పంపి, తమ నిగ్రహానికి తామే మురిసిపోతారు. లేదా గులాబీల బొమ్మ ఒకటి పంపుతారు, మూలన వేరెవరి పేరో ఉంటుంది. వీళ్ల గురించి ఇంతకన్నా రాస్తే వాళ్లు పడ్డ శ్రమకన్నా నా శ్రమ ఎక్కువైపోతుంది.

మధ్యేమార్గం ఉంది. చిత్తూరు కుర్రాడు ఒకడు దాన్ని పాటించాడు కనుకనే అతని గురించి ఎవరూ చెప్పుకోలేదు. ముందు రోజు సాయంత్రమే అడిగాడు: "రేపు మీవాళ్లతో గడుపుతారేమో. ఎల్లుండి కాఫీకి వీలవుతుందా? కాకపోయినా ఫరవాలేదు." పుట్టినరోజు పూట ఆ మనిషి మీద మొదటి హక్కు పాతవాళ్లది, మూడు వారాల వాడిది కాదు. పొద్దున ఏడున్నరకు, అంటే ఆమె లేచాక, బస్సెక్కకముందు, ఒక సందేశం పంపాడు. "పుట్టినరోజు శుభాకాంక్షలండీ. ఈ ఏడాదైనా ఆర్టీవో ఆఫీసులో ఎనిమిది అంకె చుట్టూ కాలు కింద పెట్టకుండా బండి తిప్పేయాలని కోరుకుంటున్నాను." లైసెన్సు పరీక్షలో తప్పానని రెండోసారి ఫోనులో మాట్లాడుకున్నప్పుడు ఆమె చెప్పి నవ్వింది. అది గుర్తుంది, అంతే. మరొకరికి పంపడానికి పనికిరాని వాక్యం ఒక్కటి ఉంటే చాలు. తర్వాత సాయంత్రం దాకా ఊరుకున్నాడు. "చూశారా?" అని అడగలేదు, స్టేటస్‌లో ఆమె ఫొటో పెట్టలేదు. ఎల్లుండి కాఫీకి వస్తూ పావుకిలో పాలకోవా తెచ్చాడు. హాస్టలు గదిలో నలుగురూ పంచుకుంటే ఆ రాత్రికే అయిపోయింది. ఎవరిచ్చారని ఇంట్లో ఎవరూ అడగరు. దాచుకోనక్కర్లేదు, తిరిగి ఇచ్చేయనక్కర్లేదు.

చీరా ఉంగరమూ అలా కాదు. మన ఇళ్లలో అవి నిశ్చితార్థంలో పెద్దల చేతుల మీదుగా వచ్చే వస్తువులు. ముందే ఇస్తే అమ్మాయి చేత ఔననిపించుకున్నట్టే లెక్క వేస్తారు, వెనక్కిస్తే అవమానించిందంటారు. కొలత కావాలనుకునేవారికి ఒకటి చెప్తాను. మొన్న ఇద్దరూ కలిసి తిన్న టిఫిను బిల్లు చూసుకోండి. కానుక ధర దానికి అటూ ఇటుగా ఉంటే, మీ పుట్టినరోజుకు ఆమె కూడా ఇబ్బంది పడకుండా అంతే చేయగలదు.

ఈ నెలలో ఎవరైనా ఇప్పటికే అడ్వాన్సు కట్టి ఉంటే, ఇప్పుడే ఫోన్ చేసి మానుకోండి. ఆ డబ్బు తిరిగి ఇవ్వరు, పోతే పోనివ్వండి. డిజైను ఫైలు మాత్రం మీ ఎదురుగా తీసేయించండి.